పొడవాటి చరిత్ర పేరాను చిన్న వాక్యాలుగా మార్చడం ఎలా? రంప తిరుగుబాటు పేరాతో చేసి చూద్దాం

"పేరా మొత్తం గడగడా చదివేస్తుంది, ఏం అర్థమైందమ్మా అంటే నోరు విప్పదు." ఏజెన్సీ బడుల్లో సోషల్ చెప్పే టీచర్లు ఈ మాట చాలాసార్లు అంటారు. ఇంట్లో కోయ, లంబాడీ, గోండి మాట్లాడి బడికొచ్చాక తెలుగులో చదువుకునే పిల్లల గురించి, ఇటుక బట్టీల దగ్గర ఉండే ఒడియా పిల్లల గురించి, ఊరు మారి వచ్చిన హిందీ పిల్లల గురించి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: పేరాను చిన్న చిన్న వాక్యాలుగా రాసిద్దామంటే ఎక్కడ కోయాలి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఫుల్‌స్టాప్‌లు ఎక్కువ పెడితే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. చరిత్ర పేరాలో అసలు సరుకు "ఎవరు చేశారు", "ఎందుకు చేశారు" అన్న రెండిట్లో ఉంటుంది, వాక్యాన్ని ముక్కలు చేస్తే ముందు జారిపోయేవి ఆ రెండే. అందుకే కింద ఒకే ఒక్క పేరా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తున్నాను. పాఠ్యపుస్తకాల ధోరణిలో నేనే రాసిన పేరా ఇది, మీ పుస్తకంలో ఇలాంటివి కావలసినన్ని దొరుకుతాయి.

మనం మార్చబోయే పేరా

> 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ద్వారా అడవులపై తరతరాలుగా అనుభవిస్తున్న హక్కులను కోల్పోయి, పోడు వ్యవసాయంపై విధించబడిన ఆంక్షలతో జీవనాధారం దెబ్బతిన్న గూడెం, రంప ప్రాంతాల గిరిజనులు, అధికారం క్షీణించిన ముఠాదారుల అసంతృప్తికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు నిర్మాణంలో తమచే సరైన కూలి చెల్లించకుండా నిర్బంధంగా పని చేయించడంతో ఆగ్రహావేశాలకు లోనై, అప్పటికే ఆ ప్రాంతంలో స్థిరపడి వారి ఆదరాభిమానాలను చూరగొన్న అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో సంఘటితమై, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడులు జరిపి ఆయుధాలను స్వాధీనం చేసుకోగా, వారిని అణచివేసేందుకు పంపబడిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద హతమార్చబడటంతో ప్రభుత్వం మరిన్ని బలగాలను రప్పించి చేపట్టిన తీవ్ర గాలింపు చర్యల ఫలితంగా 1924 మే 7న రాజు పట్టుబడి కాల్చి చంపబడ్డారు.

అంతా కలిపి ఒకటే వాక్యం, మొదలుపెట్టింది 1882లో, ఆగింది 1924లో.

కావలసినవి

- పేరా చేత్తో రాసుకున్న కాగితం. వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ బాగా వదలండి.
- రెండు రంగుల పెన్నులు.
- పాఠం చివర ఉండే ప్రశ్నలు.
- ఉమ్మడి విశాఖపట్నం, తూర్పు గోదావరి జిల్లాలు కనిపించే మ్యాపు.
- ఆ పిల్ల దగ్గర ఒక పావుగంట. ఇది చివర్లో చెక్ చేయడానికి, దీన్ని మాత్రం వదిలేయకండి.

1. ముందు ప్రశ్నలు చూడండి

పెన్ను పట్టుకునే ముందు పాఠం చివరి ప్రశ్నలు చదవండి. ఈ పాఠానికి "రంప తిరుగుబాటుకు కారణాలేవి?" అన్న ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ. అంటే కారణాల్లో ఏ ఒక్కటీ పోకూడదు. అలాగే పరీక్షలో కనిపించే మాటలు, అంటే పోడు వ్యవసాయం, అటవీ చట్టం, ముఠాదారులు, ఆంక్షలు, వీటి చుట్టూ గీత గీసుకోండి. ఇవి కష్టంగా ఉన్నాయని తీసేస్తే పిల్ల మీరు రాసిచ్చింది చదివి సంతోషపడుతుంది గానీ పరీక్ష పేపర్లో ఆ మాట కనపడగానే ఆగిపోతుంది. కాబట్టి ఇవి ఉంటాయి, పక్కన అర్థం చెబుతాం.

"ఆగ్రహావేశాలకు లోనై", "ఆదరాభిమానాలను చూరగొన్న" లాంటివి మాత్రం వెళ్లిపోవచ్చు. వీటిని ఎవరూ పరీక్షలో అడగరు. కోపం వచ్చింది, అభిమానించారు అంటే చాలు.

2. ప్రతి పని కిందా గీత గీసి, పక్కన "ఎవరు" అని రాయండి

ఎక్కువ టైం పట్టే మెట్టు ఇదే, తొందరపడకండి. ఒక రంగు పెన్నుతో పనిని చెప్పే ప్రతి మాట కిందా గీత గీయండి, రెండో రంగుతో ఆ పని ఎవరు చేశారో పైన రాయండి. మన పేరాలో కొన్ని ఇలా వస్తాయి:

- కోల్పోయి: గిరిజనులు
- విధించబడిన: ? (బ్రిటిష్ ప్రభుత్వం)
- దెబ్బతిన్న: గిరిజనుల జీవనాధారం
- క్షీణించిన: ముఠాదారుల అధికారం
- పని చేయించడంతో: బాస్టియన్
- స్థిరపడి, చూరగొన్న: సీతారామరాజు
- దాడులు జరిపి, స్వాధీనం చేసుకోగా: సీతారామరాజు, ఆయన దళం
- పంపబడిన: ? (ప్రభుత్వం)
- హతమార్చబడటంతో: ? (సీతారామరాజు దళం)
- రప్పించి, చేపట్టిన: ప్రభుత్వం
- కాల్చి చంపబడ్డారు: ? (బ్రిటిష్ బలగాలు)

ప్రశ్నార్థకం పడినవి నాలుగూ "బడు" చేరిన క్రియలే. విధించబడిన, పంపబడిన, హతమార్చబడిన, చంపబడిన అన్నప్పుడు చేసినవాళ్లు వాక్యంలోంచి మాయమైపోతారు. మనకు తెలుగు పుట్టుకతో వచ్చింది కాబట్టి, కథ కూడా ముందే తెలుసు కాబట్టి ఆ ఖాళీని మనసులోనే నింపేసుకుంటాం. పిల్లకు ఆ వీలు లేదు. ఇక్కడ జరిగింది గిరిజనులకూ ప్రభుత్వానికీ మధ్య పోరాటం. ఎవరు ఎవర్ని చంపారో తెలియకపోతే ఆ పాఠంలో తెలిసింది ఏమీ లేనట్టే.

హెచ్చరిక: ప్రశ్నార్థకాన్ని ఊహతో నింపకండి. పాఠంలో ముందు వెనక పేరాలు చూడండి, దొరక్కపోతే వేరే తరగతి పుస్తకంలో చూడండి. అప్పటికీ దొరక్కపోతే "ఎవరు అన్నది పాఠంలో చెప్పలేదు" అని రాయడమే మంచిది.

ఇదే మెట్టులో "వారు", "తమ", "ఆయన" లాంటివి కూడా పట్టుకోండి. "వారి ఆదరాభిమానాలను" అంటే ఎవరివి? గిరిజనులవి. తర్వాత వచ్చే "వారిని అణచివేసేందుకు" అంటే? తిరగబడ్డవాళ్లని. రెండు "వారు"ల మధ్య మూడు ఊళ్లు, మూడు తేదీలు ఉన్నాయి, అన్ని దాటుకొచ్చేసరికి పిల్లకు మొదటి "వారు" ఎవరో గుర్తుండదు. పేరు మళ్లీ రాయడానికి మొహమాటపడొద్దు. అదే పేరు పదిసార్లు వచ్చినా నష్టం లేదు.

అన్నిటికంటే ప్రమాదం చివరి వరుసలో ఉంది: "రాజు పట్టుబడి". చరిత్ర పాఠాల్లో రాజు అంటే రాజ్యమేలేవాడు. కాకతీయ రాజు, విజయనగర రాజు అని నిన్నటిదాకా చదివిన పిల్ల ఇక్కడ ఏదో దేశపు రాజును పట్టుకున్నారని అనుకుంటే ఆ తప్పు పిల్లది కాదు. "సీతారామరాజు" అని ప్రతిసారీ పూర్తిగా రాయండి.

3. జరిగిన వరుసలో పెట్టండి

పక్కన ఒక గీత గీసి సంవత్సరాలు వేయండి: 1882, 1922 ఆగస్టు, 1922 సెప్టెంబరు, 1924 మే. మన పేరా చాలావరకు వరుసలోనే ఉంది గానీ "అప్పటికే ఆ ప్రాంతంలో స్థిరపడి" అన్న చోట ఒక్కసారి వెనక్కి వెళ్లింది. అలాంటి "అప్పటికే", "అంతకుముందు" కనిపిస్తే ఆ సంగతిని దాని చోటికి జరపండి, లేదా కనీసం దానికి సొంత వాక్యం ఇవ్వండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పేరాలో "24న" రెండుసార్లు వస్తుంది, ఒకటి ఆగస్టు 24 రాజవొమ్మంగి, ఇంకొకటి సెప్టెంబరు 24 దామనపల్లి. మొదటిదానికి నెల పేరు పక్కన లేదు. ప్రతి తేదీకీ నెల రాయండి.

రెండోది ఇంకా ముఖ్యం. 1882 చట్టానికీ 1922 దాడులకీ మధ్య 40 ఏళ్లు ఉన్నాయి. పొడవాటి వాక్యంలో "తరతరాలుగా", "తోడు" లాంటి మాటల వల్ల అది చాలాకాలం సాగిన గొడవ అని లీలగానైనా తెలుస్తుంది. చిన్న వాక్యాలు పక్కపక్కన పెట్టగానే ఆ దూరం పోతుంది: చట్టం చేశారు, కోపం వచ్చింది, స్టేషన్ల మీద దాడి చేశారు, అంతా ఒక నెలలో జరిగిపోయినట్టు. అందుకే "దాదాపు 40 ఏళ్లు గడిచాయి" అన్న వాక్యాన్ని మనమే కలపాలి. అసలు పేరాలో లేని వాక్యం కదా అని సందేహించకండి, అక్కడున్న రెండు సంవత్సరాలే ఆ మాట చెబుతున్నాయి.

ఇంకో మాట. అదే రంప ప్రాంతంలో 1879లో ఒక తిరుగుబాటు మొదలైంది, అది సీతారామరాజు పుట్టక ముందటిది. కొన్ని పుస్తకాల్లో రెండూ ఒకే పాఠంలో ఉంటాయి. అలా ఉంటే "రంప తిరుగుబాటు" అని ఊరికే రాయకుండా "1922 రంప తిరుగుబాటు" అని రాయండి.

4. ఒక వాక్యానికి ఒక పని

ఇప్పుడు రాయడం మొదలుపెట్టండి. నేను పాటించే కొలత ఇది: ఒక వాక్యంలో చివర ఒకే క్రియ, ఐదు నుంచి తొమ్మిది మాటలు, చేసినవాళ్లు వాక్యం మొదట్లోనే. తేదీ ఉంటే తేదీ అన్నిటికంటే ముందు. ఎప్పుడైనా పది పన్నెండు మాటలైతే ప్రాణం మీదికేం రాదు, మాటలు లెక్కపెట్టడం కన్నా క్రియలు లెక్కపెట్టడం మేలు.

మన భాషలో పిల్లల్ని ఎక్కువ తికమకపెట్టేవి మూడు:

*క్రియకు తగిలించిన "తో".* పిల్లలు మొదట నేర్చుకునే "తో" కత్తితో కోశాడు, అమ్మతో వెళ్లాడు అన్నది. "పని చేయించడంతో" అన్న చోట "తో" అంటే "అందువల్ల". ఇది వాళ్లకు ఇంకా తెలియదు. కాబట్టి అక్కడ కోసి, తర్వాతి వాక్యాన్ని "దీనివల్ల" అని మొదలుపెట్టండి.

*క్రియకు తగిలించిన "గా".* "స్వాధీనం చేసుకోగా" అంటే చేసుకున్నప్పుడా, చేసుకున్న తర్వాతా, చేసుకున్నందుకా? ఇక్కడ "ఆ తర్వాత", దాంతో పాటు కొంత "అందుకని" కూడా. మీరు ఒకటి తేల్చుకుని విడిగా రాయాలి.

*పేరు ముందు వచ్చి కూర్చునే క్రియ.* "జీవనాధారం దెబ్బతిన్న గిరిజనులు" అన్న ముక్కను పిల్ల ఎలా చదువుతుందో ఊహించండి. జీవనాధారం అన్న మాట తెలియదు, దాన్ని దాటేస్తుంది, మిగిలింది "దెబ్బతిన్న గిరిజనులు". గిరిజనులకు దెబ్బలు తగిలాయి అనుకుంటుంది. ఇలాంటి చోట తిరగేసి రాయండి: "గిరిజనుల బతుకుతెరువు దెబ్బతింది."

ఇంగ్లిష్ మీడియం పిల్లల కోసం ఇంగ్లిష్ పేరా మారుస్తున్నా చేయవలసింది ఇదే. అక్కడా చేసినవాళ్ల పేరు లేని క్రియలు, పేరు తర్వాత తోకలా వేలాడే వాక్యాలు ఉంటాయి. రెండు భాషల్లో పక్కపక్కన అచ్చయిన పుస్తకం మీ దగ్గరుంటే తెలుగు పేజీ కూడా చూడండి గానీ, ఒక భాషలో గజిబిజిగా ఉన్నది రెండో భాషలో తేలిగ్గా ఉంటుందని నమ్మకండి.

5. కోసిన చోట అతుకు వేయండి

ఒక్కొక్క కోత దగ్గరా ఆగి, రెండు ముక్కల మధ్య సంబంధం ఏమిటని అడగండి. కారణమైతే "అందువల్ల" లేదా "దీనివల్ల". వరుసగా జరిగిందైతే "ఆ తర్వాత". అదనంగా చేరిన సంగతైతే "కూడా". ఈ మూడిటితోనే ఎక్కువ భాగం గడిచిపోతుంది. తత్ఫలితంగా, తద్వారా, ఈ నేపథ్యంలో లాంటివి ఎన్ని రకాలు వాడితే పిల్లకు అన్ని కొత్త తలనొప్పులు.

మన పేరాలో "ముఠాదారుల అసంతృప్తికి తోడు" అన్న చోట జాగ్రత్త. ఇది "కూడా" అతుకు. ముఠాదారుల వల్ల గిరిజనులకు కోపం వచ్చిందని కాదు, ముఠాదారులకు కూడా ప్రభుత్వం మీద అసంతృప్తి ఉందని. దీన్ని "ముఠాదారుల వల్ల" అని రాస్తే పాఠం తలకిందులవుతుంది.

6. ఒక మనిషికి ఒకే పేరు, ఒక వస్తువుకు ఒకే మాట

బ్రిటిష్ ప్రభుత్వం, ఆంగ్లేయులు, తెల్లదొరలు, సర్కారు, పాలకులు. వ్యాసరచనలో ఇలా మార్చి మార్చి రాస్తే మార్కులేస్తారు, ఇక్కడ మాత్రం అదే పెద్ద అడ్డంకి. పిల్ల వీళ్లంతా వేరువేరు మనుషులనుకుంటుంది. పుస్తకంలో ఎక్కువసార్లు వచ్చే మాట ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి.

ఉంచిన కష్టమైన మాటలకు అర్థం అక్కడే, తర్వాతి వాక్యంలోనే ఇవ్వండి. పేజీ అడుగున జాబితాగా వేస్తే ఎవరూ కిందికి వెళ్లి చూడరు. ఒక పేరాకు అలాంటివి మూడు దాటితే పేరానే రెండు రోజులకు విడగొట్టండి.

పోడు గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఏజెన్సీ పిల్లలకు పోడు అంటే ఏమిటో మీకన్నా నాకన్నా బాగా తెలుసు. చెట్లు ఎప్పుడు కొడతారు, ఎప్పుడు కాలుస్తారు, ఏం వేస్తారు అన్నది ఇంట్లో చూసిందో, తాతల దగ్గర విన్నదో అయ్యుంటుంది. మీరు అర్థం రాసే ముందు పిల్లనే చెప్పమనండి, తను వాళ్ల భాషలో ఏ మాట చెబితే ఆ మాట తెలుగు లిపిలో పక్కన రాయండి.

మార్చాక ఇలా ఉంటుంది

> గిరిజనులకు కోపం ఎందుకు వచ్చింది?
>
> గూడెం, రంప కొండ ప్రాంతాలు. అక్కడి గిరిజనులు పోడు వ్యవసాయం చేసేవారు. పోడు అంటే అడవిలో కొంతచోట చెట్లు నరికి, కాల్చి, ఆ నేలలో పంట వేయడం.
>
> 1882లో బ్రిటిష్ ప్రభుత్వం మద్రాసు అటవీ చట్టం తెచ్చింది. ఈ చట్టం వల్ల గిరిజనులు అడవి మీద హక్కులు కోల్పోయారు. ఆ హక్కులు వాళ్లకు తాతల కాలం నుంచి ఉన్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం పోడు మీద ఆంక్షలు కూడా పెట్టింది. ఆంక్షలు అంటే ఏం చేయకూడదో చెప్పే కట్టుబాట్లు. ఈ ఆంక్షల వల్ల గిరిజనుల బతుకుతెరువు దెబ్బతింది.
>
> అక్కడ ముఠాదారులు ఉండేవారు. ముఠాదారు అంటే కొన్ని కొండ ఊళ్ల మీద పెత్తనం ఉన్న పెద్ద. ముఠాదారు ఆ ఊళ్లలో పన్ను వసూలు చేసేవాడు. బ్రిటిష్ పాలనలో ముఠాదారుల అధికారం తగ్గింది. అందువల్ల ముఠాదారులు కూడా అసంతృప్తితో ఉన్నారు.
>
> చట్టం వచ్చి దాదాపు 40 ఏళ్లు గడిచాయి. అప్పుడు గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఉన్నాడు. బాస్టియన్ గిరిజనుల చేత బలవంతంగా రోడ్డు పని చేయించాడు. బాస్టియన్ వాళ్లకు సరైన కూలి ఇవ్వలేదు. దీనివల్ల గిరిజనుల కోపం ఇంకా పెరిగింది.
>
> గిరిజనులు ఏం చేశారు?
>
> అల్లూరి సీతారామరాజు అప్పటికే ఆ ప్రాంతంలో ఉంటున్నారు. గిరిజనులు సీతారామరాజును అభిమానించారు. సీతారామరాజు నాయకత్వంలో గిరిజనులు ఒక్కటయ్యారు.
>
> 1922 ఆగస్టు 22న సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది. ఆగస్టు 23న కృష్ణదేవిపేట స్టేషన్ మీద దాడి చేసింది. ఆగస్టు 24న రాజవొమ్మంగి స్టేషన్ మీద దాడి చేసింది. దళం ఆ స్టేషన్లలోని ఆయుధాలు తీసుకుంది.
>
> బ్రిటిష్ ప్రభుత్వం ఏం చేసింది?
>
> ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దళాన్ని అణచివేయడానికి అధికారులను పంపింది. వాళ్లలో ఇద్దరి పేర్లు స్కాట్ కవర్డ్, హైటర్. 1922 సెప్టెంబరు 24న సీతారామరాజు దళం దామనపల్లి దగ్గర ఆ ఇద్దరినీ చంపింది. అందువల్ల బ్రిటిష్ ప్రభుత్వం ఇంకా ఎక్కువ బలగాలను తెప్పించింది. బలగాలు సీతారామరాజు కోసం కొండల్లో గాలించాయి.
>
> 1924 మే 7న సీతారామరాజు పట్టుబడ్డారు. బ్రిటిష్ బలగాలు సీతారామరాజును కాల్చి చంపాయి.

అసలు పేరా కన్నా ఇది పొడవు పెరిగింది. పెరగాలి కూడా. తేలిక చేయడమంటే తగ్గించడం అనుకునే వాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. ఒక్క పేజీలోనే పట్టాలని పట్టుబడితే కారణాలు ఎగిరిపోతాయి, తేదీలు మాత్రం మిగులుతాయి.

మూడు చిన్న శీర్షికలు ప్రశ్నలుగా పెట్టడం కూడా కావాలనే చేసిందే. పిల్ల పేరా చదివాక ఆ శీర్షికకే జవాబు చెప్పగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టు.

ఎక్కువగా జరిగే తప్పులు

"ఆంక్షలు పెట్టింది" అన్నదాన్ని "పోడును నిషేధించింది" అని మార్చేయడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది, కానీ అది వేరే సంగతి. ఆంక్ష అంటే కొంత ఆపడం, నిషేధం అంటే పూర్తిగా ఆపడం. తేలిక మాట కోసం వెతికేటప్పుడు ఇలా బరువైన మాట వచ్చి కూర్చుంటుంది. "కొందరు", "చాలావరకు", "దాదాపు" లాంటి చిన్న మాటల్ని తీసేసినా ఇదే జరుగుతుంది, కొందరు చేసింది అందరూ చేసినట్టవుతుంది.

కారణాన్ని తీసి ముగింపు మాత్రం ఉంచడం. "గిరిజనులకు కోపం వచ్చింది. పోలీస్ స్టేషన్ల మీద దాడి చేశారు." ఇవి రెండూ చక్కటి చిన్న వాక్యాలే, కానీ వీటిని చదివిన పిల్లకు ఆ మనుషులు ఊరికే కోపిష్టులని అనిపిస్తుంది. ఆ పిల్ల ముత్తాతల కథే అది కావచ్చు. కూలి ఇవ్వకుండా చేయించిన రోడ్డు పని, పోయిన అడవి హక్కులు అక్కడ లేకపోతే మనం రాసింది అబద్ధం కాకపోయినా అన్యాయమే.

చిన్నపిల్లల కథలా రాయడం. "అనగనగా ఒక కొండ. అక్కడ మంచి గిరిజనులు. ఒక చెడ్డ దొర వచ్చాడు." ఎనిమిదో తరగతి పిల్లకు తెలుగు రావడం లేదంతే, బుర్ర లేక కాదు. వాక్యం చిన్నదైతే చాలు, ఆలోచన చిన్నది కానక్కర్లేదు.

అన్ని వాక్యాలకూ "ఆ తర్వాత" తగిలించడం. కారణం ఉన్న చోట కూడా "ఆ తర్వాత" రాస్తే "ఎందుకు" అన్న ప్రశ్నకు పిల్ల దగ్గర జవాబు ఉండదు. రాసింది ఒకసారి చూసుకోండి, అతుకులన్నీ "ఆ తర్వాత"లే అయితే ఐదో మెట్టుకు మళ్లీ వెళ్లాలి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

మొదట మీరు ఒక్కరే చేసుకునే పరీక్ష. అసలు పేరాను మళ్లీ తీసి, అందులో గీత గీసిన ప్రతి పనికీ మీ రాతలో ఒక వాక్యం ఉందేమో టిక్ పెట్టుకుంటూ వెళ్లండి. తర్వాత తిరగేసి చేయండి: మీ రాతలోని ప్రతి వాక్యమూ అసలు పేరాలోంచి వచ్చిందా? రానివి ఉంటే అవి అర్థాలు, లేదా మీరు తెలిసి కలిపినవి (40 ఏళ్ల వాక్యం లాంటివి) మాత్రమే అయ్యుండాలి. మన రాతలో ముఠాదారు పన్ను వసూలు చేసేవాడన్నది అలాంటి అర్థం చెప్పే వాక్యమే.

ఆ తర్వాత గట్టిగా చదవండి. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది ఇంకా పొడవే.

ఇక పిల్లతో. కాగితం ఇచ్చి చదవమనండి, "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, ఏ పిల్లయినా అయిందనే తలూపుతుంది. కాగితం తీసుకుని ఇలా అడగండి:

- బాస్టియన్ ఎవరి వైపు మనిషి?
- దామనపల్లి దగ్గర ఎవరు చనిపోయారు, ఎవరు చంపారు?
- ముఠాదారులకు ఎవరి మీద కోపం?
- చట్టం వచ్చిన వెంటనే దాడులు జరిగాయా?

జవాబు వాళ్ల ఇంటి భాషలో చెప్పినా తీసుకోండి. మీకు ఆ భాష రాకపోతే పక్కనే ఉన్న పై తరగతి పిల్లను అడిగితే చెబుతుంది. తెలుగులో జవాబు రాకపోవడం ఒక సమస్య, సంగతే అర్థం కాకపోవడం ఇంకో సమస్య. తెలుగులోనే చెప్పాలని పట్టుబడితే ఆ రెండిటిలో ఏది ఉందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఒక ప్రశ్నకు తప్పు జవాబు వస్తే పిల్లకు మళ్లీ చెప్పే ముందు మీ వాక్యం చూడండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు అదే చోట తప్పితే లోపం కచ్చితంగా రాతలోనే ఉంది. ఉదాహరణకు "వాళ్లలో ఇద్దరి పేర్లు" అన్న చోట తికమక వస్తే, "స్కాట్ కవర్డ్, హైటర్ బ్రిటిష్ అధికారులు" అని నేరుగా రాసేయండి.

పిల్లను బట్టి మార్పులు

తెలుగు అక్షరాలే కూడబలుక్కుని చదివే పిల్లకు ఇంత పేజీ ఇవ్వకండి. మ్యాపు మీద చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి చూపించి, మూడు తేదీలు వేయించి, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క వాక్యం రాయించండి. ఆ ఊళ్లు మ్యాపులో లేకపోతే చేత్తో గుర్తు పెట్టండి. కారణాలు మాటల్లో చెప్పండి, రాతలో తర్వాత ఇవ్వొచ్చు.

తెలుగు కొంచెం బాగానే వచ్చిన పిల్లకైతే పని సగం తనకే వదిలేయండి. రెండో మెట్టు, అంటే పని కింద గీత గీసి "ఎవరు" అని రాయడం, పిల్లచేతే చేయించండి. ప్రశ్నార్థకం ఎక్కడ పడిందో తనే పట్టుకుంటే మీరు ఏమీ రాసివ్వనక్కర్లేదు, మిగతా వాక్యాలు తనే విడదీసుకోగలదు.

ఎవరికైనా సరే, చిన్న వాక్యాల కాగితం ఇచ్చి ఊరుకోకండి. రెండు మూడు రోజుల తర్వాత అసలు పేరా తీసి చదివించండి. కథ ఇప్పుడు తెలుసు కాబట్టి ఆ పొడవాటి వాక్యంలో ఒక్కో ముక్కను మీ కాగితంలోని వాక్యంతో జత చేయమనండి: "విధించబడిన ఆంక్షలతో" అన్నది ఏ వాక్యం, "హతమార్చబడటంతో" అన్నది ఏ వాక్యం. ఇలా కొన్ని పేరాలు చేశాక "బడు" కనిపించగానే ఎవరు అని వెతకడం పిల్లలకే అలవాటవుతుంది. అక్కడి నుంచి మీరు పేరా మొత్తం కాకుండా కష్టంగా ఉన్న వాక్యాలు మాత్రం రాసిస్తే సరిపోతుంది.